తప్పు పార్సిల్ వెళ్ళినప్పుడు రాసే మెయిల్: తల వంచాలి, నడుం వంచక్కర్లేదు

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి.

సంతలో ఒకరి సంచి ఇంకొకరికి వెళ్తే పెద్ద గొడవేం ఉండదు. కొన్నావిడ రెండడుగులు వేసి సంచి విప్పి చూసుకుంటుంది, వెనక్కి వస్తుంది. "ఇదేంటక్కా, నాది అల్లం కదా" అంటే "అయ్యో, ఇటియ్యి" అని మార్చి ఇస్తాం. ఒక గుప్పెడు ఎక్కువ కూడా వేస్తాం. మొహం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, అక్కడికక్కడే తేలిపోతుంది. అదే సరుకు పార్సిల్ అయ్యి ఆరేడు వందల కిలోమీటర్లు వెళ్ళాక తప్పు బయటపడితే అవతల మనిషికి మన మొహం కనపడదు. కనపడేది మనం రాసిన మెయిల్ ఒక్కటే. అందులో ఒక్క మాట అటూ ఇటూ అయినా, ఇక్కడ పది మంది ఆడవాళ్ళు ఏడాదంతా కష్టపడి తెచ్చుకున్న పేరు పోతుంది.

మన ఏజెన్సీ ఊళ్ళలో చాలా సంఘాలు ఇప్పుడు కాఫీ, పసుపు, మిరియాలు నేరుగా పట్నం వాళ్ళకి పంపుతున్నాయి. ఆర్డర్లు చూసేది, మెయిళ్ళు రాసేది ఎక్కువగా హాస్టళ్ళలో ఉన్న మనలాంటి వాళ్ళమే. మా రూములో నలుగురం ఉన్నాం. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ఇంట్లో మెయిల్ ఐడీ ఉన్నది కూడా మా ఒక్కరికే. అందుకే ఊరి మహిళా సంఘం ఆర్డర్ల పని మాకు అప్పజెప్పింది. సరుకు ఊళ్ళోనే ప్యాక్ చేస్తారు, రాతపని విశాఖలో హాస్టల్ నుంచి మేం చూస్తాం. ఈ మధ్య వచ్చిన ఒక ఫిర్యాదుకి జవాబు ఎలా తయారైందో మొత్తం రాస్తున్నాం. రేపు మీకూ ఇలాంటిది వస్తే పనికొస్తుంది.

ఆర్డర్ ఇచ్చింది హైదరాబాద్ నుంచి ఒక మేడమ్. ఆదివారం వాళ్ళ గృహప్రవేశం. వచ్చినవాళ్ళకి చేతిలో పెట్టడానికి చికోరీ కలపని అరకు కాఫీ పొడి, 200 గ్రాముల పాకెట్లు 12 కావాలన్నారు. పాకెట్ 240 చొప్పున 2,880, కొరియర్‌కి 180, మొత్తం 3,060 రూపాయలు యూపీఐలో ముందే కట్టేశారు. మంగళవారం సాయంత్రం పెట్టె అందింది. విప్పితే కాఫీ లేదు, అరకిలో పసుపు పాకెట్లు ఆరు ఉన్నాయి. రాత్రి 9:40కి మెయిల్ పెట్టారు. రెండు ఫోటోలు, కింద నాలుగు వాక్యాలు. చివరి వాక్యం ఇది: "ఆదివారం మా ఇంటికి వచ్చినవాళ్ళకి నేను పసుపు పంచాలా?"

ఆ వాక్యం చదవగానే రూములో ఎవరికి వాళ్ళు ఒక జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఒకడు "అమ్మా తల్లీ అని కాళ్ళ మీద పడిపోదాంరా" అన్నాడు. ఇంకొకడు "కొరియర్ వాడు మార్చేసుంటాడు, ఆ ముక్క చెప్పేద్దాం" అన్నాడు. రెండూ ఆ రాత్రికి పక్కన పెట్టాం. పెట్టెలు ఎక్కడ మారాయో అప్పటికి ఎవరికీ తెలీదు. తెలీకుండా కారణం రాస్తే రేపు దాన్ని దిద్దుకుంటూ ఇంకో మెయిల్ రాయాలి. అప్పుడు మొదటి మెయిల్లో మనం చెప్పిన ప్రతి మాటా అనుమానంగానే కనిపిస్తుంది. అందుకని ఆ రాత్రి నాలుగే లైన్లు పంపాం:

"నమస్తే మేడమ్. మీ మెయిల్, ఫోటోలు చూశాం. మీరు అడిగినది 12 కాఫీ పాకెట్లు, మీకు చేరింది పసుపు. ఆదివారం మీ ఇంట్లో కార్యక్రమం ఉందన్నది మాకు గుర్తుంది. ఎక్కడ మారిందో కనుక్కుని, ఏం చేయగలమో రేపు ఉదయం 11 లోపు రాస్తాం."

ఇందులో క్షమాపణ లేదు, వాగ్దానం కూడా లేదు. కానీ ఆవిడ చెప్పినది మనం సరిగ్గా విన్నామని ఉంది, మళ్ళీ ఎప్పుడు మాట్లాడతామో టైముతో సహా ఉంది. కోపంగా ఉన్న మనిషికి ఆ రాత్రి కావాల్సినవి ఈ రెండే. ఈ-కామర్స్ గురించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల్లో కూడా ఇలాగే ఉంది. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అది చట్టం పెట్టిన చివరి గడువు. ఆదివారం పని ఉన్న మనిషికి 48 గంటలంటే చాలా ఎక్కువ.

ఇక కారణం ఎలా తెలిసిందో చెప్తాం, ఇది గుర్తుపెట్టుకోండి. పెట్టె మారిందంటే రెండు చోట్లే మారి ఉండాలి. మన ప్యాకింగ్ గదిలో లేబుళ్ళు తారుమారై ఉండాలి, లేదా కొరియర్ వాళ్ళ దగ్గర ఏదో జరిగి ఉండాలి. ఎటు మారిందో తేల్చేది బరువు. కౌంటర్‌లో పెట్టెను తూచి, ఆ బరువును ఆ చిరునామా రసీదు మీదే వేస్తారు. 12 కాఫీ పాకెట్లంటే 2.4 కిలోలు, అట్టపెట్టెతో కలిపి సుమారు 2.8. పసుపు 3 కిలోలు, పెట్టెతో 3.4. బుధవారం పొద్దున్నే ఊరికి ఫోన్ చేసి రసీదుల ఫోటోలు తెప్పించాం. హైదరాబాద్ రసీదు మీద 3.4 ఉంది. అదే రోజు విజయవాడకి వెళ్ళిన ఇంకో పెట్టె రసీదు మీద 2.8 ఉంది. అంటే కౌంటర్‌కి చేరేటప్పటికే లేబుళ్ళు మారిపోయి ఉన్నాయి. హైదరాబాద్ రసీదు మీద 2.8 ఉండి పసుపు చేరి ఉంటే, తేడా కౌంటర్ దాటాక జరిగిందని అర్థం అయ్యేది. ఇక్కడ కొరియర్ వాళ్ళు లేబుల్ మీద ఏ చిరునామా ఉందో అక్కడికే చేర్చారు. వాళ్ళ మీదకి నెట్టేసే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఫోన్లో ప్యాకింగ్ చూసే అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "తమ్ముడూ, నా పేరు రాస్తార్రా అందులో?" అని అడిగింది. రాయమని చెప్పాం. ఇది అక్క మీద జాలితో తీసుకున్న నిర్ణయం మాత్రమే కాదు. కస్టమర్ డబ్బు కట్టింది సంఘానికి, ఆ అక్కకి కాదు. "మా ప్యాకింగ్ ఆవిడ పొరపాటు చేసింది" అని రాస్తే పైకి నిజాయితీలా కనిపిస్తుంది కానీ, చదివేవాళ్ళకి "తప్పు నాది కాదు, మా కింద వాళ్ళది" అనే వినిపిస్తుంది. మెయిల్లో రాసే "మేము" అంటే సంఘం మొత్తం. ఆ లేబుళ్ళు అంటించిన చోట మేం లేకపోయినా సంఘం తరఫున రాస్తున్నాం కాబట్టి "మేము" అనే రాయాలి. ఎవరి చేతిలో మారింది, ఎలా మారింది అన్నది ఊళ్ళో కూర్చుని మాట్లాడుకునే మాట.

రాసే ముందు ఇంకో రెండు పనులు చేశాం. ఒకటి, ఆదివారంలోగా ఏం చేయగలమో చూసుకున్నాం. ఊరి నుంచి మళ్ళీ పంపితే శనివారం దాటొచ్చు. అదృష్టం కొద్దీ ఒక స్టాల్ కోసం విశాఖకి దించిన పాకెట్లు 18 మా దగ్గరే ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం ఇక్కడ బుక్ చేస్తే శుక్రవారం సాయంత్రానికి చేరుతుందని కౌంటర్‌లో చెప్పారు. రెండోది, విజయవాడ సార్‌కి ఆయన పెట్టె విప్పకముందే ఫోన్ చేసి విషయం చెప్పాం. ఒక పెట్టె తప్పు చోటికి వెళ్ళిందంటే చాలాసార్లు రెండో పెట్టె కూడా తప్పు చోటే ఉంటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళకి మాత్రమే చెప్పి ఊరుకుంటే రెండో మనిషికి కోపం రెండింతలు అవుతుంది.

బుధవారం 10:40కి వెళ్ళిన మెయిల్ ఇది. ఆవిడ తెలుగులో రాశారు కాబట్టి మేమూ తెలుగులోనే రాశాం.

విషయం: ఆర్డర్ 118 – మీకు వేరే పార్సిల్ చేరింది, మేం చేస్తున్నది ఇది

నమస్తే మేడమ్,

మీరు గృహప్రవేశం కోసం 12 కాఫీ పొడి పాకెట్లు ఆర్డర్ చేశారు. మేం మీకు 3 కిలోల పసుపు పంపాం. తప్పు మాదే. క్షమించండి.

ఒకే రోజు ఒకే సైజు పెట్టెలు రెండు ప్యాక్ చేసి, వాటి మీద చిరునామా లేబుళ్ళు తారుమారు చేశాం. మీ కాఫీ ఇంకో ఊరికి వెళ్ళింది.

12 పాకెట్లు ఈరోజు మధ్యాహ్నం 3 గంటలకి విశాఖ నుంచి మళ్ళీ పంపుతున్నాం. ఖర్చు మాదే. శుక్రవారం సాయంత్రానికి చేరుతుందని కొరియర్ వాళ్ళు చెప్పారు. ట్రాకింగ్ నంబర్ ఈరోజు 5 లోపు మీకు పంపుతాం. శుక్రవారం రాత్రి 7కి కూడా చేరకపోతే మేమే ఫోన్ చేస్తాం. అప్పుడు మీరు బయట కొనుక్కునేందుకు శనివారం మొత్తం మీ చేతిలో ఉంటుంది. మీరు కట్టిన రూ. 3,060 పూర్తిగా వాపసు ఇస్తాం.

అంత దాకా ఆగడం ఇష్టం లేకపోతే ఈరోజు 2 లోపు ఒక్క మాట రాయండి. పార్సిల్ ఆపి డబ్బు ఈరోజే వాపసు చేస్తాం. మీరు ఏ యూపీఐ నుంచి కట్టారో దానికే వేస్తాం. లింకు నొక్కమని, క్యూఆర్ స్కాన్ చేయమని, పిన్ చెప్పమని మేం అడగం. మా పేరుతో ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

మీకు తెలియాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఉన్న బిల్లు ఆ ఇంకో పెట్టెలో ఉండిపోయింది. ఆ కస్టమర్‌తో మాట్లాడాం, పెట్టె విప్పకుండా వెనక్కి ఇస్తామన్నారు. మీకు వచ్చిన పెట్టెలో కూడా వాళ్ళ బిల్లు ఉంటుంది. దయచేసి దాన్ని చించేయండి.

పసుపు పెట్టెను ఒక పక్కన పెట్టండి చాలు. మళ్ళీ ప్యాక్ చేయక్కర్లేదు. మీకు వీలైన రోజు, టైము చెబితే మనిషి వచ్చి తీసుకెళ్తారు. మీ కాఫీ పంపడానికి దీనితో సంబంధం లేదు.

ఇక నుంచి ప్రతి పెట్టె బరువు లేబుల్‌తో సరిపోల్చాకే కౌంటర్‌కి వెళ్తుంది.

కింద రాసినవాడి పేరు, ఫోన్ నంబర్, సంఘం పేరు పెట్టాం. మెయిల్ ఇంతే.

ఇప్పుడు ఇందులో కష్టమైన చోట్లు చెప్తాం. మొదటిది "తప్పు" పక్కన వచ్చే క్రియ. తెలుగులో "తప్పు జరిగింది" అని రాయడం చాలా తేలిక. వాన పడింది, కరెంటు పోయింది అన్నట్టు ఉంటుంది, చేసినవాడు ఎక్కడా కనపడడు. "లేబుళ్ళు మారిపోయాయి" కూడా అంతే. లేబుళ్ళు వాటంతట అవి మారవు. అందుకే "పంపాం", "తారుమారు చేశాం" అని రాశాం. చదివే మనిషి వెతికేది ఆ క్రియ కోసమే. రైల్వే స్టేషన్‌లో బండి లేటైనప్పుడల్లా వినే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" కూడా అందుకే పనికిరాదు. రోజూ విని విని అది క్షమాపణలా వినిపించడం ఎప్పుడో మానేసింది. "మీకు ఇబ్బంది కలిగి ఉంటే క్షమించండి" అనేది ఇంకా చెడ్డది. ఆవిడకి ఇబ్బంది కలిగిందని రాత్రే రాశారు కదా. మళ్ళీ "ఉంటే" అంటే ఆవిడ మాట నమ్మనట్టే.

రెండోది, క్షమాపణ ఎన్నిసార్లు చెప్పాలన్నది. మనలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివాం. క్షమాపణ అంటే మనకి తెలిసింది వార్డెన్ సార్ ముందు చేతులు కట్టుకుని "ఇంకెప్పుడూ చేయను సార్" అనడం, లీవ్ లెటర్ చివర "తమ విధేయుడు" అని రాయడం. ఆ అలవాటు మెయిల్లోకి వస్తే పేరాకొకసారి క్షమించమని అడుగుతాం, "మేం పేద గిరిజనులం, దయచేసి అర్థం చేసుకోండి" అంటాం. మా రూములో మొదట వచ్చిన ఆలోచన కూడా అదే. కాసేపు ఆవిడ వైపు నుంచి చదివి చూడండి. ఆవిడకి కావాల్సింది కాఫీ. మన కన్నీళ్ళు పంపితే ఆవిడ తన పని ఆపి మనల్ని ఓదార్చాలి, లేదా ఓదార్చనందుకు తనే తప్పు చేసినట్టు అనుకోవాలి. పేదరికాన్ని అడ్డం పెట్టుకుంటే "వీళ్ళ దగ్గర కొనడం దానం లాంటిది, సరుకు ఎలా వచ్చినా సర్దుకోవాలి" అన్న అర్థం కూడా వస్తుంది. మన కాఫీ దానం మీద అమ్ముడయ్యే సరుకు కాదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకే క్షమాపణ ఒక్కసారే చెప్పాం. అది కూడా ఏం చేశామో చెప్పిన వాక్యం వెనకే పెట్టాం. దాని పక్కన "కానీ" రాకుండా చూసుకున్నాం. "క్షమించండి, కానీ ఆ రోజు ఆర్డర్లు ఎక్కువ" అని రాస్తే ముందున్న మాట కొట్టుకుపోతుంది.

మూడోది ఆ బిల్లు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. "ఆవిడ అడగలేదు కదా, ఎందుకు చెప్పడం" అన్నాడు ఒకడు. కానీ ఒక ఆడమనిషి ఫోన్ నంబర్, ఇంటి చిరునామా ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇంటికి వెళ్ళింది. రేపు ఎవరైనా ఫోన్ చేసి ఆవిడ ఆర్డర్ వివరాలు చెబితే? చెప్పే పని మనదే. అయితే ఎలా చెప్పాలన్న దగ్గర జాగ్రత్త కావాలి. భయపెట్టే మాటలు లేకుండా, ఏం బయటికి వెళ్ళింది, మేం ఏం చేశాం అని రెండే వాక్యాలు రాశాం. ఆ ఇంకో కస్టమర్ పేరు గానీ ఊరు గానీ రాయలేదు. ఆవిడ వివరాలు బయటికి వెళ్ళాయని చెబుతూ అదే మెయిల్లో ఇంకొకరి వివరాలు బయటపెడితే ఇక మన మాటకి విలువేముంటుంది?

నాలుగోది మాట ఇవ్వడం. నెమ్మదిగా ఉండడమంటే తియ్యగా మాట్లాడడమని అనుకుంటాం. చదివేవాళ్ళకి నెమ్మది వచ్చేది గడియారం వల్ల. 3 గంటలకి పంపుతాం, 5 లోపు నంబర్ ఇస్తాం, శుక్రవారం 7కి చేరకపోతే ఇలా చేస్తాం. "వీలైనంత త్వరగా" అన్న మాట ఎక్కడా లేదు. "శుక్రవారం తప్పకుండా చేరుతుంది" అని కూడా రాయలేదు, ఎందుకంటే బండి మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నదానికి మాట ఇచ్చాం. లేనిదానికి, అది జరగకపోతే ఏం చేస్తామో చెప్పాం. పసుపు పెట్టె వెనక్కి వస్తేనే కాఫీ పంపుతామన్న షరతు పెట్టలేదు. ఆవిడ అడగని సరుకు మనమే పంపి, ఆ బరువు ఆవిడ మీద వేయకూడదు.

డిస్కౌంట్ కూపన్ ఇద్దామా అని కూడా మాట వచ్చింది. వద్దనుకున్నాం. గృహప్రవేశానికి కాఫీ చేరుతుందో లేదో తెలియని మనిషికి "తర్వాతి ఆర్డర్‌పై పది శాతం తగ్గింపు" అంటే ఎగతాళిలా ఉంటుంది. ముందు ఉన్న ఆర్డర్ సరిగ్గా చేరాలి.

11:20కి జవాబు వచ్చింది. "సరే. పంపండి." అంతే. మెచ్చుకోలేదు, తిట్టలేదు. 4:30కి ట్రాకింగ్ నంబర్ పంపాం. శుక్రవారం 4 గంటలకి "అందింది, 12 ఉన్నాయి" అని రాశారు. పసుపు పెట్టె సోమవారం తీసుకెళ్ళమన్నారు. ఇలాంటి మెయిల్‌కి ఇంతకంటే పెద్ద ఫలితం ఆశించకూడదు. అవతల మనిషి ఇంకో మెయిల్ రాయాల్సిన అవసరం లేకుండా పోతే మన మెయిల్ పని చేసినట్టే. కాఫీ శుక్రవారం చేరకపోయి ఉంటే ఎంత చక్కగా రాసినా ఆవిడ కోపం ఆవిడకి ఉండేది, అది న్యాయమే. అప్పుడు రాయాల్సింది ఇంకో క్షమాపణ కాదు, 3,060 వేసిన రసీదు.

ఊళ్ళో ఇప్పుడు లేబుళ్ళన్నీ చివర్లో ఒకేసారి అంటించడం మానేశారు. ఒక పెట్టె మూసి, లేబుల్ అంటించి, తూకం వేసి, పుస్తకంలో రాశాకే రెండో పెట్టె తెరుస్తున్నారు. అక్క ప్రతి ఆర్డర్ పక్కన పాకెట్ల లెక్క కట్టి, రావాల్సిన బరువు పెన్సిల్‌తో ముందే రాసి పెడుతోంది. పోయిన వారం ఫోన్లో "తమ్ముడూ, ఒక పెట్టె 200 గ్రాములు తక్కువొచ్చింది, విప్పి చూస్తే ఒక పాకెట్ బయటే ఉండిపోయింది" అని చెప్పింది. ఆ పెట్టె గురించి ఎవరికీ మెయిల్ రాయాల్సిన పని పడలేదు.